ఆసుపత్రి రిసెప్షన్ కోసం ఇంగ్లీషు పదపట్టిక: ఒక కేస్ స్టడీ

అభ్యాసకురాలు ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివింది. డిగ్రీ దూరవిద్యలో పూర్తిచేసింది. ఇప్పుడు జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్ కౌంటర్ చూస్తోంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోకుండా చదువుతుంది, చిన్న వాక్యాలు రాస్తుంది. నోరు తెరవాల్సి వస్తే మాత్రం ఆగిపోతుంది. ఆమెకు ఇంగ్లీషు అవసరమయ్యేది మూడు చోట్ల. డాక్టరు రాసిన చీటీ చదివి రోగికి తెలుగులో చెప్పాలి. ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లతో ఫోన్లో మాట్లాడాలి. అప్పుడప్పుడు తెలుగు రాని పేషెంటు వస్తే కౌంటర్ దగ్గర నిలబెట్టి నాలుగు ముక్కలు చెప్పాలి.

ఆమె దగ్గర అప్పటికే ఒక నోటుబుక్కు ఉంది. పదం, అర్థం, వాక్యం, ఉచ్చారణ అని నాలుగు గళ్లు గీసి, డిక్షనరీ చూసి శ్రద్ధగా నింపుకుంది. రోజూ చదివేది కూడా. అయినా కౌంటర్ దగ్గర ఆ పదాలు నోటికి రావడం లేదు, వచ్చినా అవతలివాళ్లు మళ్లీ అడుగుతున్నారు. లోపం ఆమె శ్రమలో లేదు, పట్టికలోనే ఉంది. అందులోని కొన్ని వరసలు ఇవి.

```
fasting   | ఉపవాసం                  | I am fasting today.        | ఫాస్టింగు
discharge | విడుదల, వదులు, స్రావం     | The battery is discharged. | డిశ్చార్జీ
bill      | బిల్లు                   | This is a bill.            | బిల్లు
allergy   | పడకపోవడం, అసహ్యం        | I have allergy.            | ఎల్లర్జీ
receipt   | రశీదు, స్వీకరణ            | I got receipt.             | రిసీప్టు
```

చూడ్డానికి అన్ని గళ్లూ నిండుగా ఉన్నాయి. కానీ ఒక్కో వరస ఒక్కో చోట పనిచేయడం మానేసింది. ఫాస్టింగ్ వరసలో అర్థం దెబ్బతింది. డిశ్చార్జ్ వరసలో మూడు పదాలు ఒకే గదిలో ఇరుక్కున్నాయి. బిల్ వరసలో ఆమెకు కొత్తగా తెలిసిందేమీ లేదు, పైగా పాత ఉచ్చారణే ఇంకోసారి ముద్ర పడింది.

ముందు పదాలను రెండు కుప్పలు చేశాం

ఆసుపత్రిలో పనిచేసే తెలుగువాళ్ల నోట ఇంగ్లీషు మాటలు దండిగా ఉంటాయి. బిల్లు, వార్డు, బెడ్డు, రిపోర్టు, కార్డు, ఎమర్జెన్సీ, డిపాజిట్టు, అపాయింట్‌మెంటు. వీటికి తెలుగు అర్థం రాయడం దండగ. రశీదు అంటే తెలిసినట్టే బిల్లు అన్నా తెలుసు. చిక్కంతా పలకడంలో ఉంది, ఎందుకంటే ఇవి తెలుగు మాటల్లా అరిగిపోయి నాలుక మీద స్థిరపడ్డాయి. ఇంగ్లీషు వాక్యంలోకి కూడా అదే రూపంలో దిగుతాయి.

రెండో కుప్పలోవి ఆమెకు నిజంగా కొత్తవి: డిజీ, స్వెలింగ్, నంబ్, రెలెటివ్ లాంటివి. వీటికి అర్థం కావాలి, వాక్యం కావాలి, పలికే తీరు కూడా కావాలి.

ఒక చిన్న మూడో కుప్ప కూడా తేలింది. కేస్ షీటులోనో చీటీలోనో చదివితే చాలు, నోటితో అనాల్సిన పనిలేని పదాలు. వీటికి ఉచ్చారణ గడి ఖాళీగా వదిలేశాం. ఖాళీ గడి కనబడితే కొందరికి మనసు ఒప్పదు, ఏదో ఒకటి నింపేస్తారు. కానీ ప్రతి వరసలోనూ నాలుగు గళ్లూ నిండాలన్న పట్టింపు వల్లే ఆ నోటుబుక్కు లావెక్కింది. తెలిసిన మాటకు ఉచ్చారణ, తెలియని మాటకు అర్థం, చదివే మాటకు అది కనబడే చోటు. బరువు ఎక్కడుండాలో పదమే చెబుతుంది.

ఇలా వడపోస్తే మొదటి పట్టికకు 24 వరసలు మిగిలాయి. ఏ4 కాగితం అడ్డంగా పెడితే పేజీకి 12 చొప్పున రెండు పేజీలు. అంతకుమించితే కాగితం కౌంటర్ మీద ఉండదు, సొరుగులోకి పోతుంది.

అర్థం గడి: ఒక వరసకు ఒకే అర్థం

ఫాస్టింగ్‌కు డిక్షనరీలో ఉపవాసం అని ఉంటుంది, అది తప్పు కాదు. కానీ మన ఊళ్లలో ఉపవాసం అంటే ఏకాదశికో శనివారానికో ఉండేది. అందులో పాలు తాగుతారు, పండ్లు తింటారు. ఫాస్టింగ్ షుగర్ పరీక్ష రాసిన రోగికి రిసెప్షన్ నుంచి ‘ఉపవాసంతో రండి’ అని చెబితే పొద్దున్నే గ్లాసుడు పాలు తాగి వచ్చే అవకాశం ఉంది. ఆ పరీక్షకు కనీసం 8 గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. ఆమె రోగికి చెప్పాల్సిన మాట పరగడుపున. అది అందరికీ తెలిసిన తెలుగే, డిక్షనరీలో మొదటి వరసలో లేదంతే.

అర్థం గడికి మేం పెట్టుకున్న పరీక్ష ఇదే. ఆ తెలుగు మాటను కౌంటర్ అవతల నిలబడ్డ మనిషితో అనగలమా? అంటే వాళ్లు సరైన పని చేస్తారా? స్వీకరణ, స్రావం, వమనం లాంటి మాటలు ఈ పరీక్షలో నిలవవు.

కంప్లెయింట్ ఇంకో ఉదాహరణ. ఆమె ఫిర్యాదు అని రాసుకుంది. కేస్ షీటులో మొదటి పంక్తిలో ఉండే కంప్లెయింట్‌కు, ఆసుపత్రి మీద ఫిర్యాదుకు సంబంధం లేదు. రోగి తన నోటితో చెప్పుకున్న బాధ అది. హిస్టరీ కూడా అంతే. చరిత్ర కాదు, ఇంతకుముందు వచ్చిన జబ్బులు, జరిగిన ఆపరేషన్లు.

డిశ్చార్జ్‌ను మూడు వరసలుగా విడగొట్టాం.

```
discharge | ఇంటికి పంపడం          | Your discharge is at eleven.             | 'డిస్-చార్జ్
discharge | ఇంటికి పంపు           | The doctor will discharge you today.     | డిస్-'చార్జ్
discharge | పుండు నుంచి కారే రసి   | There is some discharge from the wound.  | చదవడానికే
```

పైన నిలువుగా పెట్టిన చిన్న గీత, దాని తర్వాతి భాగాన్ని నొక్కి పలకాలని గుర్తు. డిక్షనరీల్లో కూడా నొక్కే చోటుకు ముందు ఇలాంటి గీతే ఉంటుంది కాబట్టి, తర్వాత ఆమె స్వయంగా సరిచూసుకోవడానికి ఇదే మేలు. నామవాచకమైతే నొక్కు మొదట్లో, క్రియైతే రెండో భాగం మీద. ఒకే గడిలో ‘విడుదల, వదులు, స్రావం’ అని ఉన్నప్పుడు ఈ తేడా రాయడానికి చోటే ఉండదు. మూడు అర్థాలకు మూడు వరసలు పెట్టడం కాగితం దుబారా అనిపించొచ్చు. కానీ ‘వుండ్ డిశ్చార్జ్’ అని చీటీలో చూసి రోగి ఇంటికి వెళ్తున్నాడనుకుంటే వచ్చే గందరగోళం ముందు ఆ దుబారా ఏపాటిది!

కొత్త పదాల్లో అసలు కష్టం వాక్యం కట్టుబడి మారడం. ‘నాకు కళ్లు తిరుగుతున్నాయి’ అంటాం. ఇందులో తిరిగేవి కళ్లు, అనుభవించే మనిషి ‘నాకు’లో ఉన్నాడు. ఇంగ్లీషులో ఆ మనిషే కర్త అవుతాడు, కళ్ల ప్రసక్తే రాదు. జ్వరం, ఆకలి, ఆయాసం అన్నీ ఇదే దారి. తిమ్మిరి, వాపు అయితే ఆ మనిషి ‘my’లోకి వెళ్తాడు. అందుకని డిజీ పక్కన ‘తల తిరుగుడు’ అని నామవాచకం రాయకుండా, రోగి అనే పూర్తి మాట రాశాం.

```
dizzy    | నాకు కళ్లు తిరుగుతున్నాయి  | I feel dizzy. / Do you feel dizzy?
numb     | నాకు చెయ్యి తిమ్మిరెక్కింది  | My hand feels numb.
swelling | నాకు కాలు వాచింది          | There is swelling in my leg.
```

ఇక్కడ అర్థం గడి, వాక్యం గడి పక్కపక్కన చదివితే ‘నాకు’ ఏమైపోయిందో కంటికే కనబడుతుంది. వ్యాకరణ పాఠం విడిగా చెప్పక్కర్లేదు. మనవాళ్లు ‘వేడి చేసింది’ అంటారు చూడండి, దానికి మాత్రం వరస పెట్టలేదు. ఆ మాటకు సరిపోయే ఇంగ్లీషు పదం లేదు. నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా, ముక్కు నుంచి రక్తమా అని అడిగి ఆ లక్షణాన్నే చెప్పాలి.

వాక్యం గడి ఉచ్చారణ పని కూడా చేయాలి

డిక్షనరీలోంచి ఎత్తుకున్న వాక్యం ఎందుకు పనికిరాదో బ్యాటరీ ఉదాహరణే చెబుతుంది. ఆ వాక్యం ఆమె ఎప్పుడూ అనదు. కాబట్టి మొదటి నియమం, ఈ వారంలో కౌంటర్ దగ్గర అనబోయే వాక్యమే రాయాలి. మూడు నుంచి ఎనిమిది మాటలు, అందులో కొత్తది ఒక్కటే.

రెండో నియమం అంత తేలిగ్గా కనబడదు గానీ ఈ కేసులో ఎక్కువ ఫలితం ఇచ్చింది అదే. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అందుకే బిల్, కార్డ్, బెడ్ మన నోట్లో బిల్లు, కార్డు, బెడ్డు అవుతాయి. ‘చివర ఉ తీసెయ్’ అని ఎన్నిసార్లు చెప్పినా విడిగా పలికేటప్పుడు పోదు. కానీ అదే ఉకారాన్ని మనం తెలుగులో రోజూ తేలిగ్గా వదిలేస్తాం. ‘బిల్లు ఇచ్చాను’ అని విడదీసి అనం, ‘బిల్లిచ్చాను’ అంటాం. బళ్లో చదువుకున్న ఉత్వసంధి అదే. తర్వాత అచ్చు వస్తే ముందున్న ఉ జారిపోతుంది.

ఆ అలవాటునే ఇంగ్లీషు వాక్యంలోకి తెచ్చాం. ఉకారం వచ్చి చేరే ప్రతి పదానికీ, దాని వెనకే అచ్చుతో మొదలయ్యే మాట వచ్చేలా వాక్యం కట్టాం.

```
bill   | The bill is ready.         | ద-బి-లిజ్-రెడి
bed    | The bed is ready.          | ద-బె-డిజ్-రెడి
report | Your report is ready.      | యోర్-రి-'పోర్-టిజ్-రెడి
card   | Your card is here.         | యోర్-కార్-డిజ్-హియర్
```

మొదటి వరసను ‘బి-లిజ్’ అని విడగొట్టి చదివించగానే ఉ తనంతట తానే పోయింది. హల్లు వెళ్లి తర్వాతి అచ్చుతో అతుక్కుంటోంది, ఉకారానికి నిలబడే చోటు లేదు. ఈ నాలుగూ సాఫీగా వచ్చాకే పదం చివర్లో ఉండే వాక్యం ఇచ్చాం, ఉదాహరణకు ‘హియర్ ఈజ్ యువర్ బిల్’. వరస తారుమారు చేస్తే, అంటే పదం చివర్లో ఉన్న వాక్యంతో మొదలుపెడితే, మళ్లీ బిల్లు దగ్గరికే వస్తారు.

ఇదే ఉపాయం మాట మొదట్లో కూడా పనిచేస్తుంది. ఎక్కడ అని రాసి యెక్కడ అంటాం, ఒకటి అని రాసి వొకటి అంటాం. అదే నాలుక ఎమర్జెన్సీని యెమర్జెన్సీ చేస్తుంది, ఓపెన్‌ను వోపెన్ చేస్తుంది. ఆ పదం ముందు నకారపొల్లు ఉండే వాక్యం పెట్టాం: ‘ఈజ్ ఇట్ యాన్ ఎమర్జెన్సీ?’ ఇందులో న్, ఇ కలిసి ‘ని’ అయిపోతాయి. య దూరడానికి సందు దొరకదు.

ఉచ్చారణ గడి: లిప్యంతరం కాదు, సూచన

నోటుబుక్కులో ఈ గడి నిండా ఇంగ్లీషు పదాన్ని తెలుగు లిపిలో మళ్లీ రాసినదే ఉంది. ఎల్లర్జీ అని రాసుకున్నది చదివితే ఎల్లర్జీ అనే వస్తుంది. తెలుగు లిపిలో రాసినదాన్ని తెలుగువాళ్లు ప్రతి అక్షరానికీ పూర్తి విలువ ఇచ్చి చదువుతారు, అది మన లిపి గొప్పతనం. ఇంగ్లీషుకు వచ్చేసరికి అదే ఇబ్బంది. అందుకని ఈ గడిలో మూడే మూడు సంగతులు రాయాలని నిర్ణయించాం: ఎక్కడ నొక్కాలి, ఏది పలకకూడదు, ఏ ధ్వని దగ్గర నోరు ఎలా పెట్టాలి. ఆ పదానికి ఈ మూడింట్లో ఏది అవసరమో అదొక్కటే.

అన్నిటికంటే ముందు సరిచేసింది జంట అక్షరాలను. గడి వేరు, గడ్డి వేరు. తెలుగులో ద్విత్వం అర్థాన్నే మార్చేస్తుంది కాబట్టి రెండు అక్షరాలు కనబడితే మన కన్ను ఒత్తి చదవమంటుంది. ఇంగ్లీషులో ఒక పదం లోపల జంటగా రాసిన హల్లును ఒక్కసారే పలుకుతారు. అలర్జీలో ల ఒకటే, డిజీలో జ ఒకటే, స్వెలింగ్‌లో, బిల్‌లో కూడా ల ఒకటే. సూచన గడిలో ‘ల ఒక్కటే’ అని రాయడం, గడి–గడ్డి జంట రెండు సార్లు అనిపించడం, అంతే. ఈ తప్పు త్వరగా సర్దుకుంటుంది, ఎందుకంటే ఆ తేడా ఆమె చెవికి పుట్టుకతోనే తెలుసు.

నొక్కు విషయం అలా కాదు. తెలుగులో హ్రస్వం, దీర్ఘం ముఖ్యం. ఏ అక్షరాన్ని నొక్కి పలికినా మాట అర్థం మారదు. అందువల్ల అపాయింట్‌మెంట్‌ను మనం నాలుగు భాగాలూ సమానంగా, ఒకే బరువుతో పలుకుతాం. విడిగా వింటే ఇబ్బంది లేదు. ఫోన్లో, గోలలో, వేగంగా అన్నప్పుడు వినేవాళ్లు పదాన్ని గుర్తుపట్టేది నొక్కిన భాగాన్ని పట్టుకునే.

నొక్కడమంటే అరవడం కాదని ముందే చెప్పాలి. ఆ భాగంలో గొంతు కాస్త పైకి లేస్తుంది, అచ్చు కాస్త సాగుతుంది. అంతకంటే ముఖ్యం, మిగతా భాగాలు కుదించుకుపోతాయి. అందుకే సూచన రాసేటప్పుడు నొక్కని భాగాల్లో దీర్ఘాలు తీసేసి, ఎత్వాలు ఒత్వాలు కూడా చాలాచోట్ల అకారంలోకి మార్చాం.

```
appointment | అ-'పాయింట్-మంట్   | మెంట్ కాదు
emergency   | ఇ-'మర్-జన్-సి     | మొదట య లేదు, చివర సీ కాదు
deposit     | డి-'పా-జిట్        | 
receipt     | రి-'సీట్            | ప పలకదు
allergy     | 'యా-లర్-జి         | మొదట య లేదు; ల ఒక్కటే
allergic    | అ-'లర్-జిక్         | నొక్కు జరిగింది
```

చివరి రెండు వరసలూ పక్కపక్కనే ఉంచాలి. అలర్జీ ఉందా అని అడిగితే నొక్కు మొదట, దేనికైనా అలర్జిక్‌నా అని అడిగితే రెండో భాగం మీద. రెండు ప్రశ్నలూ మార్చి మార్చి అడిగిస్తూ, నొక్కిన చోట బల్ల మీద వేలితో తట్టించాం. చెయ్యి తప్పు చోట పడితే నోరు కూడా అక్కడే తప్పుతోందని తెలిసిపోతుంది. దీనికి రికార్డింగ్ కూడా అక్కర్లేదు.

అలర్జీ మొదటి అచ్చు దగ్గర లిపి చేతులెత్తేస్తుంది. బ్యాంక్, క్యాన్సర్ అని మాట మధ్యలో రాయగలుగుతున్నాం గానీ, మొదట్లో ఆ అచ్చుకు తెలుగులో అక్షరం లేదు. అందుకే ఒకరు ఆపిల్ అని, ఒకరు యాపిల్ అని రాస్తారు. అక్షరం లేకపోయినా ధ్వని మాత్రం చాలామంది తెలుగువాళ్ల నోట్లో ఉంది. మేక అని, మేకు అని వెంటవెంటనే అనండి. మేకలో ఏ కొంచెం వెడల్పుగా, దవడ కిందికి దిగి వస్తుంది. ఆ మేకలోని ఏకారాన్నే పొట్టిగా పలికితే అలర్జీకి, బ్యాండేజ్‌కి కావాల్సిన అచ్చు దొరుకుతుంది. ముందుగా అభ్యాసకురాలి చేత ఆ రెండు మాటలూ అనిపించి తేడా వినబడుతోందో లేదో చూడాలి. అందరి మాండలికంలోనూ అంత స్పష్టంగా ఉండదు. తేడా ఉంటే సూచన గడిలో ‘మేక’ అని ఒక్క మాట రాస్తే చాలు. లేకపోతే డిక్షనరీ ఆడియో వినిపించి అనుకరింపజేయాలి.

డిజీలోని జ కూడా అంతే. జ అక్షరం చూస్తే నాలుక అంగిలికి తగులుతుంది. ‘స్స్స్’ అని సాగదీస్తూ మధ్యలో గొంతు కలపమంటే కావాల్సిన ధ్వని వస్తుంది. గొంతు మీద వేలు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. సూచన గడిలో ‘స + గొంతు’ అని రాశాం.

వార్డ్, వామిటింగ్‌లలో ఉండే రెండు రకాల వకారాల జోలికి ఈ పట్టికలో వెళ్లలేదు. మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. తెలుగులో ఒక్క వ తోనే రెండూ నడిచిపోతాయి. ఆమె మాట్లాడేది మన దేశంలోని ఇన్సూరెన్స్ డెస్కులతో, ఇక్కడి పేషెంట్లతో. వాళ్లకు ఆ తేడా లేకపోయినా అర్థమవుతుంది. అదే విదేశానికి వెళ్లబోయే నర్సుకైతే మొదటి పేజీలోనే పెట్టాలి. సూచన గడి చిన్నది. ఎవరితో మాట్లాడతారో చూసి ఏది ముందు రాయాలో తేల్చుకోవాలి. అదే కారణంతో పదం చివరి రకారాన్ని కూడా ఉంచేశాం. బ్రిటిష్ ఆడియోలో అది చాలాచోట్ల వినబడదు, అది విని ఆమె అయోమయపడకుండా ముందే చెప్పాం.

పట్టికను వాడిన తీరు, అందులో వచ్చిన ఇబ్బందులు

కాగితాన్ని నిలువుగా మడిస్తే అర్థం గడి ఒక్కటే కనబడేలా ఏర్పాటు చేశాం. తెలుగు మాట చూసి ఇంగ్లీషు వాక్యం మొత్తం అనాలి, పదం ఒక్కటే అంటే లెక్కకు రాదు. మడత విప్పి వాక్యం సరిచూసుకోవాలి. రోజుకు ఆరు వరసలు కొత్తవి, నిన్నటి ఆరు మళ్లీ. డ్యూటీ మొదలయ్యే ముందు పది నిమిషాలు చాలు.

మొదట్లో తలెత్తిన ఇబ్బంది ఏమిటంటే, ఆమె సూచన గడినే ముందు చదవడం మొదలుపెట్టింది. అది తెలుగు కాబట్టి కన్ను అటే పోతుంది. ఫలితంగా ఉచ్చారణ బాగుపడింది గానీ, రాతలో రిసీట్‌కు మధ్యలో ఉండాల్సిన పలకని అక్షరం ఎగిరిపోయింది, అలర్జీలో ఒక అక్షరం తగ్గింది. విన్నట్టే రాసేస్తోంది. దీనికి మందు గడుల వరస మార్చడం కాదు, పని వరస మార్చడం. మొదట డిక్షనరీ ఆడియో వినాలి. తర్వాత ఇంగ్లీషు పదం చూస్తూ అనాలి. సందేహం వస్తేనే సూచన చూడాలి. వారం చివర ఒకసారి, సూచన గడి మాత్రమే చూసి ఇంగ్లీషులో ఆ పదాలు రాయాలి. ఎక్కడ అక్షరం పోతోందో ఈ రాతలో బయటపడుతుంది.

రెండో పరీక్ష వినేవాళ్లతో. కౌంటర్‌లో తోటి ఉద్యోగిని ఫోన్ పట్టుకుని పక్క గదిలో కూర్చుంటుంది. ఈమె పట్టికలోంచి ఆరు వాక్యాలు వరస లేకుండా చదువుతుంది. తోటి ఉద్యోగిని విన్నది విన్నట్టు రాస్తుంది. రాసిన కాగితంలో పదం తప్పుగా ఉన్న వరసే మళ్లీ చేయాల్సిన వరస. తనకు తాను విని ‘బాగానే ఉంది’ అనుకోవడానికి ఇందులో వీల్లేదు. డిపాజిట్, అపాయింట్‌మెంట్ వరసలకు నొక్కు గీతను ఎర్ర పెన్నుతో దిద్దింది ఈ పరీక్ష తర్వాతే.

ఈ పట్టిక చేయలేనిది ఒకటుంది. ఇన్సూరెన్స్ ఫోన్లలో సగం సమయం పాలసీ నంబరు, పేరు అక్షరాలు, తేదీలు చెప్పడానికే పోతుంది. అవి అర్థంతో, వాక్యంతో నేర్చుకునేవి కావు. అంకెలు మూడేసి చొప్పున ఆపి ఆపి చెప్పడం, ఎమ్‌కు, ఎన్‌కు తేడా తెలియడానికి ఊరి పేరు తోడు చేసి చెప్పడం వేరే సాధన. దాన్ని పదపట్టికలోకి దూర్చితే రెండూ చెడతాయి.

ఫైలు గురించి కాస్త

కాగితం ప్రతి ఎక్సెల్‌లో తయారైంది. తెలుగు ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరస ఎత్తు తక్కువగా బిగిస్తే అవి తెగిపోతాయి. ఎత్తును దానంతటది సర్దుకునేలా వదిలేయాలి. తెలుగుకు 14, ఇంగ్లీషుకు 12 సైజు పెడితే రెండూ సమంగా కనబడతాయి. సూచనల్లో భాగాలను హైఫన్‌తో విడగొట్టడానికి ఇంకో కారణం ఉంది. విడగొట్టకపోతే అపాయింట్‌మెంట్‌లో ట, మ కలిసి ఒత్తుగా మారతాయి, చదివేవాళ్లు కూడా అలాగే ఒత్తి పలుకుతారు.

ఫోన్లో ఫ్లాష్‌కార్డుల కోసం దాన్ని వేరే రూపంలో సేవ్ చేసేటప్పుడు మామూలు `CSV` ఎంచుకుంటే తెలుగు అంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఆ ఫైలులోంచి మళ్లీ వెనక్కి రాదు. `CSV UTF-8` ఎంచుకోవాలి. అసలు `.xlsx` ఫైలును విడిగా దాచుకోవాలి.

24 వరసలూ వినే పరీక్షలో నిలిచాక రెండో పట్టిక మొదలైంది. అందులో సూచన గడి వెడల్పు సగానికి తగ్గించాం. పదాన్ని తెలుగులో రాయడం మానేసి, ఇంగ్లీషు పదం మీదే నొక్కు గీత పెట్టించాం. గీత ఎక్కడ పెట్టాలో డిక్షనరీలో చూసి పెట్టుకోవడం ఇప్పుడు ఆమె పని. తెలుగు సూచన మిగిలింది మేక, ‘స + గొంతు’, ‘ప పలకదు’ లాంటివి రాయాల్సిన వరసలకే.

```
rela'tive?  →  'relative   | పేషెంటు తాలూకు మనిషి | Is a relative with you?
'insurance? →  in'surance  | ఇన్సూరెన్స్            | Your insurance is approved.
```

ప్రశ్నార్థకం ఉన్నది ఆమె మొదట ఊహించి పెట్టిన గీత, బాణం తర్వాతిది డిక్షనరీ చూసి దిద్దుకున్నది. ఊహ తప్పిన వరసను చెరిపేయకుండా అలాగే ఉంచమన్నాం. పేజీ చివర చూస్తే ఊహ ఏ వైపు తప్పుతోందో తెలుస్తుంది.